అడ్వాన్స్ అడిగితే కస్టమర్లు పోతారా?

ప్రశ్న: తెనాలిలో తొమ్మిదేళ్లుగా లేడీస్ పార్లర్ నడుపుతున్నాను. మూడు కుర్చీలు, జీతానికి ఇద్దరు అమ్మాయిలు. అపాయింట్‌మెంట్లన్నీ ఫోన్లో, వాట్సాప్‌లో. పోయిన నెల స్మూతనింగ్, కెరాటిన్ లాంటి పెద్ద పనులకు 22 మంది బుక్ చేసుకుంటే ఆరుగురు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. మాఘమాసంలో ఒక పెళ్లికూతురు 18 వేల ప్యాకేజీకి తేదీ ఆపించుకుని, నాలుగు రోజుల ముందు ‘మావాళ్లు హైదరాబాద్ నుంచి వేరే ఆవిడను తీసుకొస్తున్నారు’ అంది. ఆమె కోసం అదే రోజు ఇంకో పెళ్లి వదులుకున్నాను. సరే, అడ్వాన్స్ తీసుకుందామని మొదలుపెడితే మొదటి రోజే, ఎప్పటినుంచో వచ్చే ఒక ఆంటీ ‘నా మీద నమ్మకం లేదా’ అని చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు. సగం డబ్బు ముందే తీసుకోమంటారు మావారు. ఎంత అడగాలి? ఎవరిని అడగాలి? రాకపోతే ఆ డబ్బు ఉంచేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాను. ఎంత అడగాలన్నది తేలాలంటే, ఆ అడ్వాన్స్ దేనికి అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. రానివాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసుకోవడానికి కాదు. వాళ్లు రావడం లేదన్న కబురు మనకు ముందే అందడానికి. శనివారం పొద్దున రాదని శుక్రవారం పొద్దునే తెలిస్తే ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తాం. పదిన్నరకు తెలిస్తే ఏమీ చేయలేం. మీకు నష్టం తెస్తున్నది వాళ్లు రాకపోవడం కన్నా చెప్పకపోవడమే.

ఎందుకు చెప్పరంటారా? సగం మందికి మొహమాటం. ‘రాలేను’ అని ఫోన్ చేస్తే మనం ఏమంటామోనని భయం. ఆ రోజు ఎత్తరు, తర్వాత సిగ్గుపడి ఇక రారు. అంటే ఒక అపాయింట్‌మెంట్‌తో పాటు మనిషే పోతోంది. అందుకే మీరు పెట్టే పద్ధతిలో కాన్సిల్ చేయడం సులువుగా ఉండాలి, చెప్పకుండా ఉండటం మాత్రమే కష్టంగా ఉండాలి. చాలా పార్లర్లలో దీన్ని తిరగేస్తారు. ‘అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అని బోర్డు పెడతారు. ఎప్పుడు చెప్పినా డబ్బు పోయేదే అయినప్పుడు ముందుగా ఎవరు చెబుతారమ్మా? కట్టేశాం కదా అని ఊరుకుంటారు. డబ్బు మిగులుతుంది గానీ కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ స్మూతనింగ్ 5,000 రూపాయలు, నాలుగు గంటల పని అనుకుందాం. క్రీము, షాంపూ, మాస్కు కలిపి 1,600 అవుతుందనుకుంటే, ఆమె రాకపోతే ఆ సరుకు డబ్బాలోనే ఉంటుంది కాబట్టి అది నష్టం కాదు. మిగిలిన 3,400 మీ అమ్మాయిల జీతం, అద్దె, కరెంటు, మీ లాభం. ఖాళీ అయిన ఆ నాలుగు గంటల్లో ఐబ్రోస్‌కో ఫేషియల్‌కో ఎవరో ఒకరు వస్తారు, సుమారు 700 రావచ్చు. అంటే ఒకరు రాకపోతే నికరంగా పోయేది 2,700. పార్లర్ పెట్టిన తొలి రోజుల్లో నేను 5,000 పోయిందనుకుని మండిపడేదాన్ని. ఈ అంకె మీ సొంత ధరలతో వేసుకోండి. మీరు అడగగలిగిన అడ్వాన్స్‌కు ఇదే పైహద్దు.

అలాగని 2,700 అడగమనడం లేదు. మీవారు చెప్పినట్టు సగం, అంటే 2,500 అడిగితే లెక్క ప్రకారం తప్పు లేదు, పోతే పోయిన నష్టం దాదాపు అంతా వస్తుంది. కానీ మన ఊళ్లలో పని చూడకుండా సగం డబ్బు ముందే పంపేవాళ్లు తక్కువ. కొత్తవాళ్లు పక్క వీధి పార్లర్‌కు వెళతారు. పోనీ వంద రూపాయలు అడుగుదామా అంటే, అందులో ఇంకో ప్రమాదం ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద చేసిన ఒక పరిశీలన 2000లో అచ్చయింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే తప్పు చేశామన్న బాధ ఉండేది. జరిమానా వచ్చాక ‘కట్టేస్తున్నాం కదా’ అయింది. వంద రూపాయల అడ్వాన్స్ కూడా అదే పని చేస్తుంది. మీ మీద ఉన్న మొహమాటాన్ని వందకు కొనుక్కుని ఇంట్లో కూర్చుంటారు.

5,000 పనికి 1,000 అడగండి. పోతే మనసుకు తగులుతుంది, అలాగని పంపడానికి చెయ్యి వెనకాడదు. శాతాల్లో చెప్పకండి, గుండ్రటి అంకె చెప్పండి. మూడు గంటలు, అంతకుమించి పట్టే ప్రతి పనికీ వెయ్యి. అంతకన్నా చిన్న పనులకు, ఐబ్రోస్, వ్యాక్సింగ్, మామూలు ఫేషియల్, వీటికి ఏమీ వద్దు. అరగంట కుర్చీ ఖాళీగా ఉంటే నడుచుకుంటూ వచ్చినవాళ్లతో నిండుతుంది. దానికి 200 అడ్వాన్స్ అడిగి, గుర్తుచేసి, తిరిగి ఇచ్చే శ్రమకే ఎక్కువ ఖర్చు. వరలక్ష్మీ వ్రతం ముందు బుధ, గురువారాల్లాంటి రోజుల్లో మాత్రం ఫేషియల్‌కు కూడా తీసుకోవచ్చు. ఆ రెండు రోజులూ ప్రతి అరగంటకూ ఎదురుచూసేవాళ్లుంటారు.

కస్టమర్లు పోతారన్న భయం కూడా లెక్కతోనే తేల్చుకుందాం. పోయిన నెల 22లో 16 మంది వచ్చారు. 16 సార్లు 3,400 అంటే 54,400. రాని ఆరుగురి చోట దొరికిన చిల్లర పని 4,200. మొత్తం 58,600. ఇప్పుడు వెయ్యి అడిగారు, ముగ్గురు వద్దని వెళ్లిపోయారనుకోండి. మిగిలిన 19 మందిలో ఇద్దరు రాలేదు. వచ్చిన 17 మందితో 57,800, రాని ఇద్దరి అడ్వాన్స్ 2,000, ఆ రెండు ఖాళీల్లో చిల్లర పని 1,400, అసలు బుక్కే కాని మూడు ఖాళీల్లో 2,100. మొత్తం 63,300. ముగ్గురు పోయినా మీరు నష్టపోలేదు. పైగా అడ్వాన్స్ మాట వినగానే తప్పుకున్నవాళ్లలో, ఎలాగూ రానివాళ్లే ఎక్కువగా ఉంటారు. కానీ ముగ్గురికి బదులు ఆరుగురు వెనక్కి పోతే, ఉన్న 16 మందిలో ఒక్కరే మానేసినా మొత్తం 56,900కు పడిపోతుంది. అంటే నాలుగో వంతుకు పైగా జనం వెనక్కి పోతుంటే అడ్వాన్స్ మరీ ఎక్కువైందని గుర్తు. అప్పుడు 700కు దించి చూడండి.

ఇక గడువు. ‘24 గంటల ముందు చెప్పాలి’ అని రాస్తే జనానికి లెక్క తెగదు. ‘ముందురోజు మధ్యాహ్నం 2 గంటల లోపు’ అని గడియారం చూపించండి. రెండే ఎందుకంటే, ఆ కబురు వచ్చాక ఇంకొకరిని పిలవడానికి మీకు సాయంత్రమంతా ఉంటుంది. నాలుగు గంటల పనికి రాత్రికి రాత్రి మనిషి దొరకడం కష్టం, తలకు నూనె పెట్టుకుందనో పిల్లల్ని చూసేవాళ్లు లేరనో అంటారు. మీ దగ్గర స్మూతనింగ్‌కు సాధారణంగా ఎన్ని రోజుల ముందు అడుగుతారో పాత వాట్సాప్ మెసేజ్‌లు తిరగేయండి. అందరూ వారం ముందే అడిగేవాళ్లయితే గడువు రెండు రోజుల ముందుకు జరపండి. ‘మీరు అడిగిన శనివారం ఖాళీ లేదు’ అని మీరు వెనక్కి పంపిన వాళ్ల పేర్లు ఒక పేజీలో రాసి ఉంచుకోండి. కాన్సిల్ కబురు రాగానే మొదటి ఫోన్ వాళ్లకే. ఆ పేజీ లేకపోతే ముందుగా కబురొచ్చి ఉపయోగం లేదు.

గుర్తుచేసే మెసేజ్ విషయంలో ఒక పొరపాటు నేను చాలాచోట్ల చూశాను. గడువు మధ్యాహ్నం రెండుకు అయిపోతే, రాత్రి ఎనిమిదికి ‘రేపు మీ అపాయింట్‌మెంట్’ అని పంపుతారు. అది చూసి గుర్తొచ్చిన మనిషి ఏం చేయగలదు? వెయ్యి పోయిందని తిట్టుకుంటుంది. మెసేజ్ గడువు కంటే ముందు, అంటే శనివారం పనికి గురువారం సాయంత్రం వెళ్లాలి. ఇలా ఉంటే చాలు:

‘నమస్తే అండీ. శనివారం ఉదయం 10కి మీ స్మూతనింగ్. వస్తున్నారంటే 1 అని, రోజు మార్చాలంటే 2 అని పంపండి. శుక్రవారం మధ్యాహ్నం 2 లోపు చెబితే మీ 1,000 రూపాయలు అలాగే ఉంటాయి.’

ఆ రెండో అంకెలోనే అంతా ఉంది. ఫోన్ చేసి, కారణం చెప్పి, బతిమాలాల్సిన పని లేదు. ఒక్క అంకె నొక్కితే చాలు, మొహమాటం అడ్డురాదు. ‘కాన్సిల్’ అన్న మాట కూడా లేదు చూడండి, రోజు మార్చడమే. చాలామంది నిజంగానే మార్చుకుంటారు. శుక్రవారం పొద్దునకూ జవాబు రాకపోతే మీ అమ్మాయి ఒక్క ఫోన్ చేయాలి, అంతే.

రెండు లోపు చెప్పినవాళ్ల వెయ్యినీ తిరిగి ఇవ్వాలా, వచ్చేసారికి జమ చేయాలా? రెండు దారులూ ఉన్నాయి. జమ చేస్తే డబ్బు మీ దగ్గరే ఉంటుంది, మనిషి తిరిగి వస్తుంది. కానీ ఊరు మారేవాళ్లు, బయట చదువుకునే పిల్లలు నొచ్చుకుంటారు. నా మట్టుకు నేను, వాళ్లు అడిగితే ఆ రోజే ఫోన్‌పేలో వెనక్కి పంపేదాన్ని, అడగకపోతే రెండు నెలలు జమ ఉంచేదాన్ని. అడిగేవాళ్లు తక్కువే. అడిగిన ఆ కొద్దిమంది మాత్రం పదిమందికి చెబుతారు, ‘అడ్వాన్స్ తీసుకుంటారు గానీ ఇచ్చేస్తారు’ అని. ఒకసారి మార్చినవాళ్లు రెండోసారీ మారిస్తే మాత్రం, ఆ వెయ్యి అక్కడితో సరి అని ముందే రాసి పెట్టండి. లేకపోతే అదే వెయ్యితో శనివారాలన్నీ ఆపిస్తారు.

జుట్టుకు రంగు వేసే పనికి మీకు ఒక సౌకర్యం ఉంది. ఎలాగూ 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ చేయాలి కదా, అడ్వాన్స్ అప్పుడే తీసుకోండి. మనిషి ఎదురుగా ఉంటుంది, పని మొదలైనట్టే అనిపిస్తుంది, అడగడం తేలిక. దురద, ఎరుపు వస్తే మొత్తం డబ్బు వెంటనే వెనక్కి ఇవ్వాలి. లేకపోతే వెయ్యి పోతుందని దురద దాచిపెట్టి కూర్చునేవాళ్లుంటారు, అది మీకూ ప్రమాదం, ఆమెకూ ప్రమాదం.

పెళ్లి వేరే సంగతి. ముహూర్తం రోజు పోతే ఆ రోజు మళ్లీ రాదు, వదులుకున్న ఇంకో పెళ్లీ పోతుంది. ఇక్కడ మీవారి మాటలో న్యాయం ఉంది. కానీ సగం ఒకేసారి అడగకుండా మెట్లు మెట్లుగా తీసుకోండి. మీ 18 వేల ప్యాకేజీకి తేదీ ఆపినప్పుడు 5,000, పదిహేను రోజుల ముందు 7,000, మిగిలిన 6,000 కుర్చీలో కూర్చోకముందు. ట్రయల్‌కు విడిగా డబ్బు తీసుకోండి, దీంట్లో కలపకండి. ఆ రెండో మెట్టు ఎందుకో చెబుతాను. హైదరాబాద్ ఆవిడను తెచ్చుకోవాలనుకునే ఇల్లు 7,000 కట్టాల్సిన రోజున బయటపడుతుంది. అప్పటికి మీకు పదిహేను రోజులు ఉంటాయి, నాలుగు రోజులు కాదు. చివరి 6,000 పెళ్లయ్యాక తీసుకుందామనుకోకండి. ముహూర్తం దాటాక పెళ్లికూతురి అమ్మ దొరకదు, బాబాయిని అడగమంటారు, బాబాయి భోజనాల దగ్గర ఉంటాడు.

ఆ 5,000 ఎప్పుడు పోతుంది? నెల రోజుల ముందు చెబితే తిరిగి ఇచ్చేయవచ్చు, ఇంకో పెళ్లి దొరికే సమయం ఉంటుంది. నెల లోపు చెబితే ఉంచుకోండి. అయితే ఒక వాక్యం కలపండి: ‘అదే తేదీకి మాకు ఇంకో పెళ్లి కుదిరితే మీ డబ్బు మీకు తిరిగి ఇస్తాం.’ ఈ మాట ఉంటే వాళ్లకు మీరు దోచుకోవడం లేదని తెలుస్తుంది. తమ డబ్బు తిరిగి రావాలని, నా ఫోన్ నంబర్‌ను చుట్టాల్లో ఇంకో పెళ్లివాళ్లకు ఇచ్చినవాళ్లూ ఉన్నారు.

మైల సంగతి తప్పకుండా రాయండి. పార్లర్ పెట్టిన మూడో ఏడు ఒక పెళ్లికూతురి తాతగారు పోయారు. పెళ్లి ఆగింది, ముహూర్తం మూడు నెలలు వెనక్కి వెళ్లింది. కాగితం మీద ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది కదా అని ఆ 3,000 ఉంచేసుకున్నాను. వాళ్ల నాన్నగారు ఒక్క మాట అనలేదు. బిల్లు పుస్తకం వంక చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మూడు నెలల తర్వాత ఆ పెళ్లికి నన్ను పిలవలేదు సరే, ఆ వీధి నుంచి రెండేళ్ల పాటు ఎవరూ రాలేదు. ఇప్పటికీ ఆ చెప్పుల చప్పుడు గుర్తుంది. ఇంట్లో మరణం, ఆసుపత్రి, ముహూర్తం మారడం, ఈ మూడింటికీ అడ్వాన్స్ మొత్తం కొత్త తేదీకి మారుతుందని, కొత్త తేదీన మీరు ఖాళీగా లేకపోతే తిరిగి ఇస్తారని రాయండి. రుజువు అడగకండి. అబద్ధం చెప్పి తప్పించుకునేవాళ్లు ఏడాదికి ఒకరిద్దరు ఉంటారు, ఆ నష్టం భరించవచ్చు.

మీరు రాలేకపోతే ఏంటన్నదీ అదే కాగితం మీద ఉండాలి. జ్వరం వచ్చి మీరే వెళ్లలేకపోతే కట్టినదంతా అదే రోజు వెనక్కి, మీకు తెలిసిన ఇంకొకరిని కుదిర్చే బాధ్యత కూడా మీదే.

ఉంచేసుకోవచ్చా అన్న ప్రశ్నకు చట్టం వైపు నుంచి జవాబు దాదాపు మన లెక్క లాంటిదే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా, దక్కేది ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానాను, మితిమీరిన డిపాజిట్‌ను అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. 2,700 నష్టానికి 1,000 ఉంచుకుంటే మీరు నిలబడగలరు. 18 వేలూ ముందే కట్టించుకుని, రెండు నెలల ముందే చెప్పినా ఇవ్వనంటే నిలబడటం కష్టం. నియమం డబ్బు పంపకముందే వాళ్ల వాట్సాప్‌లో ఉండాలి. పార్లర్ గోడ మీద బోర్డు ఉన్నంత మాత్రాన, ఫోన్లో బుక్ చేసుకున్న మనిషికి తెలిసినట్టు కాదు. డబ్బు అందగానే రసీదు పంపండి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటి మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, సేవకు తీసుకున్న అడ్వాన్స్ మీద పన్ను అది చేతికొచ్చిన నెలలోనే లెక్కకొస్తుంది. మీ అకౌంటెంట్‌కు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

ఇక ఆంటీ గారి విషయం. పాతవాళ్లకు మినహాయింపు ఇవ్వాలని మీకు అనిపిస్తుంది. ఇవ్వొచ్చు, కానీ తెనాలి లాంటి ఊళ్లో ‘ఆవిడను అడగలేదట, నన్ను అడిగారు’ అన్న మాట వారంలో తిరిగొస్తుంది. ఎవరు పాత, ఎవరు కొత్త అన్న తగువు మీ అమ్మాయిల మీద పడుతుంది. మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి పెడితే ఆ తగువు ఉండదు. మూడు గంటల పనికి అందరూ కడతారు, ఐబ్రోస్‌కు ఎవరూ కట్టరు. ఆ ఆంటీ గారు నెల నెలా వచ్చేది ఫేషియల్‌కే అయితే, ఆవిడకు ఈ నియమం అసలు తగలనే తగలదు. చిన్న పనులకు చెప్పకుండా రెండుసార్లు మానేసినవాళ్లకు మాత్రం మూడోసారి 200 ముందు కట్టమనండి. అది వాళ్లు చేసిన పనికి వచ్చిన నియమం, నమ్మకానికి సంబంధం లేదు.

ఇప్పటికే బుక్ అయినవాళ్లను కొత్త నియమంలోకి లాగకండి. మొదలుపెట్టడానికి ఆషాఢం మంచిది. పెళ్లిళ్లు ఉండవు, రద్దీ తక్కువ, తప్పులు జరిగినా సర్దుకోవచ్చు, శ్రావణం వచ్చేసరికి మీ అమ్మాయిలకు నోరు తిరుగుతుంది. అప్పటిదాకా నోటు పుస్తకంలో ప్రతి పెద్ద అపాయింట్‌మెంట్ పక్కనా మూడు మాటలు రాయించండి: వచ్చారా, రాకపోతే ఎప్పుడు చెప్పారు, ఆ ఖాళీ నిండిందా. ఆషాఢం తర్వాత రెండు నెలలు అవే మూడు మాటలు మళ్లీ రాసి పక్కపక్కన పెట్టి చూడండి. రానివాళ్లు తగ్గకపోయినా, చెప్పినవాళ్లు పెరిగి ఖాళీలు నిండుతుంటే పద్ధతి పనిచేస్తోందన్నమాట.

ఆంటీ గారికి ముందు మీరే ఫోన్ చేయండి, అమ్మాయిలతో చేయించకండి. ‘ఆంటీ, ఆ రోజు నాలుగు గంటల పనికి కుర్చీ మీ పేరున ఆపడానికి అడిగాను, సరిగ్గా చెప్పలేకపోయాను. మీ ఫేషియల్‌కు ఎప్పటిలాగే రండి’ అనండి. ఆవిడ బుక్ చేయబోయింది స్మూతనింగే అయితే, ఆ వెయ్యి బిల్లులో తగ్గుతుందని, ముందే చెప్పి ఒకసారి రోజు మార్చుకున్నా పోదని కూడా చెప్పండి. ఆ రోజు మీ అమ్మాయి ఆవిడతో ఈ రెండు మాటలూ చెప్పిందో లేదో ఒకసారి కనుక్కోండి.